పుస్తకాల ర్యాక్‌ను గోడకు బిగిస్తే స్క్రూ ఊడి వచ్చింది, ఏం చేయాలి?

నయీంనగర్_అమ్మ
మాది హన్మకొండలో అద్దె ఫ్లాట్, మూడో అంతస్తు. హాల్లో ఆరున్నర అడుగుల పుస్తకాల ర్యాక్ ఉంది. వెడల్పు రెండున్నర అడుగులు, లోతు అడుగు. మా బాబుకు రెండేళ్ళు నిండాయి, 12 కిలోలు ఉంటాడు. మొన్న ఆదివారం ఇల్లు సర్దుతూ పుస్తకాలన్నీ తీసి నేల మీద పెట్టాను. వాడు పై అరలో ఉన్న బొమ్మ కారు కోసం రెండో అర మీద కాళ్ళు పెట్టి, పై పలక పట్టుకుని వెనక్కి వేలాడాడు. ర్యాక్ పైభాగం ముందుకు రావడం కళ్ళారా చూశాను. భుజం అడ్డం పెట్టి ఆపాను. భుజం కమిలింది గానీ వాడికి ఏమీ కాలేదు. అప్పటి నుంచి నాకు రాత్రి నిద్ర సరిగ్గా పట్టడం లేదు.

మర్నాడే కార్పెంటర్‌ను పిలిచాం. వెనక షీటుకు ఒక చిన్న ఎల్ క్లాంపు పెట్టి, గోడకు ఒక స్క్రూ బిగించి వెళ్ళాడు. సాయంత్రం నేను చేత్తో కొంచెం ఊపితే గోడలో స్క్రూ ప్లగ్గుతో సహా బయటికి వచ్చేసింది. రంధ్రంలోంచి తెల్లటి పిండిలాంటి పొడి రాలింది. ర్యాక్‌తో పాటు డబ్బాలో రెండు నైలాన్ బెల్టులు వచ్చాయి, కొన్నప్పుడు అవి ఎందుకో తెలియక పక్కన పడేశాం. ఇప్పుడు అవి బిగించాలంటే ఎక్కడ, ఎలా బిగించాలి? ఆ గోడ అసలు పట్టుకుంటుందా?

కాజీపేట_కిరణ్
ఇంత టెన్షన్ అవసరం లేదక్కా. బరువు పుస్తకాలన్నీ కింది రెండు అరల్లో పెట్టండి. కింద బరువుంటే ర్యాక్ పడదు. మా ఇంట్లో పదేళ్ళుగా అలాగే ఉంది, ఏ బెల్టూ లేదు.

నర్సంపేట_నాయనమ్మ
మా ఇనుప బీరువా నలభై ఏళ్ళ నుంచి అదే మూలన ఉన్నది. నా నలుగురు పిల్లలు, ఇప్పుడు మనవలు, అందరూ దాని తలుపు పట్టుకుని ఊగినవాళ్ళే. కదల్లేదు. ఈ కాలం చెక్కలోనే బలం లేదు తల్లీ.

మేస్త్రీ_కొడుకు
నాయనమ్మా, మీ బీరువా ఒక్కటే వందకు పైన కిలోలు ఉంటది, లోపల బట్టలు, సామాను వేరే. లోతు కూడా ఒకటిన్నర అడుగు దాటుతది. అక్క చెప్పే ర్యాక్ లోతు అడుగే. రెండిటికీ పోలిక లేదు.

నయీంనగర్_అమ్మ గారూ, కార్పెంటర్ రెండు తప్పులు చేశాడు. మొదటిది, క్లాంపు వెనక షీటుకు పెట్టాడు. ఆ షీటు 3 మిల్లీమీటర్ల అట్టలాంటిది, చిన్న పిన్నులతో కొట్టి ఉంటది. గోడ పట్టుకున్నా షీటు చిరిగిపోయి ర్యాక్ ముందుకు వస్తది. రెండోది, గోడ ఏంటో చూడకుండా బిగించాడు. మీరు చెప్పిన తెల్ల పొడిని బట్టి అది లైట్ వెయిట్ బ్లాకు గోడ. ఈ మధ్య కట్టే అపార్ట్‌మెంట్లలో చాలావాటికి అదే. ఒక్క సందేహం: పొడి వేళ్ళ మధ్య నలిపితే మైదా పిండిలా ఉందా, ఇసుకలా గరుకుగా ఉందా?

నయీంనగర్_అమ్మ
మైదా పిండిలాగే ఉంది. మొదట రెండు సెంటీమీటర్లు గరుకుగా బూడిద రంగు వచ్చింది, తర్వాత అంతా మెత్తటి తెలుపు. కార్పెంటర్ కూడా "వెన్నలా దిగుతున్నది" అన్నాడు.

మేస్త్రీ_కొడుకు
అయితే ఖాయం. ముందు వచ్చిన గరుకు పొడి గిలాబుది. తర్వాత వచ్చింది బ్లాకుది. ఎర్ర పొడి వస్తే మట్టి ఇటుక, బూడిద రంగు పొడి వచ్చి బిట్టు కదలక మొరాయిస్తే కాంక్రీటు. గోడ రకం తెలుసుకోవడానికి ఈ పొడి కంటే మంచి గుర్తు లేదు.

వెన్నలా దిగడమే ఇక్కడ సమస్య. మామూలు చిన్న ప్లగ్గు 35 మిల్లీమీటర్లు ఉంటది. మీ గిలాబే 20 దాకా ఉంది. అంటే బ్లాకులోకి దిగింది ముక్కాలు అంగుళం కూడా లేదు. దానికి తోడు ఆయన డ్రిల్లింగ్ మిషన్‌ను హ్యామర్‌లో పెట్టి కొట్టి ఉంటాడు. ఈ బ్లాకులో హ్యామర్ పెడితే రంధ్రం లోపల చిట్లి వెడల్పైపోతది, ప్లగ్గు వదులవుతది.

హసన్‌పర్తి_శ్రీను
రామప్ప గుడి శిఖరం ఇటుకలు నీళ్ళలో తేలుతాయి కదా, ఈ తెల్ల బ్లాకు ముక్క కూడా బకెట్లో వేస్తే అట్లనే తేలుతది. మా సైటులో పిల్లలకు చూపిస్తే చప్పట్లు కొట్టారు. లోపలంతా గాలి బుడగలే, అందుకే స్క్రూకు పట్టు దొరకదు.

లెక్కల_సారు
కిరణ్ గారు చెప్పింది సగం నిజం. కింద బరువు పెడితే మంచిదే. అది చాలా, చాలదా అనేది లెక్కలో చూద్దాం.

ఇలాంటి ఖాళీ ర్యాక్ 35 కిలోలు అనుకోండి. లోతు 30 సెంటీమీటర్లు కాబట్టి దాని బరువు ముందు అంచుకు 15 సెంటీమీటర్ల వెనక పనిచేస్తుంది. 35ని 15తో గుణిస్తే 525. ర్యాక్‌ను నిలబెట్టి ఉంచే బలం అంతే. ఇప్పుడు 190 సెంటీమీటర్ల ఎత్తున పై అంచు పట్టుకుని ముందుకు లాగితే ఎంత చాలు? 525ని 190తో భాగించండి. మూడు కిలోల కంటే తక్కువ. ఒక చేత్తో పాల డబ్బా ఎత్తేంత బలం.

60 కిలోల పుస్తకాలు కింద పెడితే మొత్తం 95 కిలోలు, లాగడానికి ఏడున్నర కిలోలు కావాలి. మెరుగే. అయినా పెద్దవాళ్ళు తూలి పట్టుకుంటే చాలు, వచ్చేస్తుంది. ఇంకో విషయం, ఆ పుస్తకాలు అర ముందు అంచుకు జరిపి పెడితే వాటి బరువు కూడా ముందుకు వస్తుంది, ఆ లాభమూ తగ్గుతుంది.

కాజీపేట_కిరణ్
సార్, పిల్లవాడు లాగడం లేదు కదా, ఎక్కుతున్నాడు. పిల్లవాడి బరువు ర్యాక్ మీదే పడుతుంది, కిందికే నొక్కుతుంది. అది పడేయడం ఎట్లా అవుతుంది?

లెక్కల_సారు
మంచి ప్రశ్న. బరువు కిందికే, కానీ ముందు అంచుకు బయట. అర అంచు మీద నిలబడి పలక పట్టుకుని వెనక్కి వాలితే వాడి ఒళ్ళు అంచుకు 30 సెంటీమీటర్ల ముందు ఉంటుంది. 12ని 30తో గుణిస్తే 360. కదలకుండా వేలాడితే 525 ముందు ఇది ఓడిపోవాలి. కానీ రెండేళ్ళ వాడు కదలకుండా ఉండడు. ఒక్క కుదుపు ఇస్తే ఆ క్షణం అది రెట్టింపవుతుంది. దానికి తోడు నేల ముందుకు కొంచెం పల్లంగా ఉంటే ఆ 525 కూడా తగ్గుతుంది. ఈ అమ్మ గారి ర్యాక్ ఆ రోజు ఖాళీగా ఉంది, కాబట్టే కదిలింది.

నయీంనగర్_అమ్మ
నేల సంగతి మీరంటే గుర్తొచ్చింది. మా హాలు బాల్కనీ వైపు కొంచెం వాలుగా ఉంటుంది. ర్యాక్ ముఖం బాల్కనీ వైపే. పైగా కింద స్కర్టింగ్ టైల్ ఒక సెంటీమీటరు బయటికి ఉంది, అందుకే ర్యాక్ గోడకు ఆనదు, వెనక వేలు పట్టేంత సందు ఉంది.

పరకాల_పిల్ల
నా ప్రశ్న కొంచెం వేరే. గోడకు వేలాడే పుస్తకాల అరలు బిగించాలి, చిన్నవి మూడు. వాటికీ ఇదే బెల్టా?

మేస్త్రీ_కొడుకు
కాదమ్మా. మీ అరల బరువంతా గోడే మోయాలి, మీరు బ్రాకెట్లు అడగండి. ఇక్కడ బరువు నేల మోస్తది, బెల్టు ముందుకు పడకుండా పట్టుకుంటది అంతే.

సార్ లెక్కను ఒక అడుగు ముందుకు తీసుకుపోతా. బెల్టు మీద ఎంత బలం పడుతుందో తెలిస్తే భయం పోతది. కుదుపుతో 720 వచ్చింది అనుకోండి, ర్యాక్ తనంతట 525 ఆపుకుంటది. మిగిలింది 195. దాన్ని 190 సెంటీమీటర్ల ఎత్తున బెల్టు ఆపాలి. అంటే ఒక కిలో చిల్లర బలం! సరిగ్గా బిగించిన స్క్రూకు అది లెక్కే కాదు. అందుకే బెల్టు ఎంత పైన ఉంటే అంత మంచిది. నడుం ఎత్తులో కట్టారంటే అదే పనికి రెట్టింపు బలం కావాలి.

ఐతే ఇదంతా బెల్టు బిగువుగా ఉన్నప్పుడు. బెల్టు వదులుగా నాలుగు వేళ్ళు ఉందనుకోండి. ర్యాక్ అంతదూరం స్వేచ్ఛగా కదిలి, వేగం అందుకుని, అప్పుడు బెల్టును గుంజుతది. అప్పుడు కిలోల్లో ఆగదు, ఒక్కసారిగా దెబ్బ పడతది. నేను చూసిన ఊడిన బెల్టుల్లో ఎక్కువ ఇలాంటివే. బెల్టు తెగలేదు, ప్లగ్గు ఊడింది.

భద్రకాళి_రోడ్
ప్లాస్టిక్ ట్యాగ్ లాంటి పట్టీలు కూడా అమ్ముతారు, వైర్లు కట్టే రకంలా ఉంటాయి. ధర తక్కువ. అవి వాడొచ్చా?

మేస్త్రీ_కొడుకు
నేను వాడను. ప్లాస్టిక్ ఎండకు, కాలానికి పెళుసైపోతది. అమెరికాలో ఇలాంటి ప్లాస్టిక్ పట్టీల కిట్లను విరిగిపోతున్నాయనే కారణంతోనే వెనక్కి పిలిపించారు. మన దగ్గర మేలో కిటికీ పక్క ర్యాక్ వేడి మీకు తెలుసు. నైలాన్ బట్ట బెల్టు, లోహపు బకిల్ ఉన్నది తీసుకోండి, లేదా సన్న ఉక్కు తీగ. అక్క దగ్గర ఉన్నవి నైలానే కాబట్టి పనికొస్తాయి. అంచుల్లో పోగులు లేచాయేమో చూసుకోండి.

ఇక బిగించే పద్ధతి. రెండు బెల్టులు, ర్యాక్ రెండు చివర్లలో పక్క పలకలకు దగ్గరగా, పై పలక మీద వెనక అంచున. మీ పలక 18 మిల్లీమీటర్లు అయితే 16 మిల్లీమీటర్ల స్క్రూ పెట్టండి, కిందికి పొడుచుకు రాదు. ముందు సన్న బిట్టుతో చిన్న రంధ్రం చేసి అప్పుడు స్క్రూ తిప్పండి. పార్టికల్ బోర్డుకు నేరుగా స్క్రూ తోస్తే ఉబ్బిపోతది. పలక మందం వైపు, అంటే అంచులోకి మాత్రం స్క్రూ కొట్టకండి, చీలిపోతది.

గోడకు పాత రంధ్రం వదిలేయండి. దాని నుంచి నాలుగు వేళ్ళ దూరంగా కొత్తది. 8 మిల్లీమీటర్ల బిట్టు, హ్యామర్ ఆపేసి, నిదానంగా. షాపులో "లైట్ వెయిట్ బ్లాకుకు వేసే పొడవు నైలాన్ ప్లగ్గు" అని అడగండి. అది గిలాబు దాటి కనీసం రెండు అంగుళాలు బ్లాకులోకి దిగాలి. దానితో ఇచ్చిన స్క్రూనే వాడండి. రంధ్రంలో దుమ్ము సైకిల్ పంపుతో ఊదండి, దుమ్ము ఉంటే ప్లగ్గు జారుతది.

హసన్‌పర్తి_శ్రీను
స్విచ్ బోర్డు సంగతి చెప్పలేదు అన్నా. బోర్డు నుంచి పైకి నిలువుగా వైరు పైపు పోతుంది. ఆ గీతలో డ్రిల్లింగ్ వద్దు. గోడ అవతల బాత్రూం ఉంటే నీళ్ళ పైపులు కూడా. మా చెల్లె వాళ్ళింట్లో అద్దం బిగిస్తూ పైపుకు రంధ్రం వేస్తే వంటిల్లు చెరువైంది.

భద్రకాళి_రోడ్
కిట్టు కాగితంలో గోడ వైపు ముక్క ర్యాక్ ముక్క కంటే కొంచెం కిందికి పెట్టమన్నారు. మా కార్పెంటర్ పైనే పెట్టాడు, చెయ్యి అందుతుందని. ఏది కరెక్టు?

మేస్త్రీ_కొడుకు
కింద పెడితే ర్యాక్ ఒరిగినప్పుడు బెల్టు దాన్ని కిందికి, వెనక్కి లాగుతది. అందుకే కంపెనీలు అట్ల రాస్తాయి, నేనూ అట్లనే చేస్తా. కాకపోతే ముందు గోడ ముక్క బిగించి, తర్వాత ర్యాక్ దగ్గరికి తోసి, బెల్టు లాగి బిగువు చేయాలి. ఇద్దరు మనుషులు కావాలి.

హసన్‌పర్తి_శ్రీను
నేను పైనే పెడతాను అన్నా. పైన పెడితే బెల్టు ఎప్పుడు వదులైనా కళ్ళకు కనిపిస్తుంది. ర్యాక్ వెనక దాగిన బెల్టును ఎవరు చూస్తారు?

మేస్త్రీ_కొడుకు
నీ మాటలో న్యాయం ఉంది. కిట్టు కాగితం ఏం చెప్తే అది చేయడం మేలు అని నా అభిప్రాయం. ఎట్ల పెట్టినా బెల్టు బిగువుగా ఉండాలి.

కొత్తింటి_రాణి
2024 డిసెంబరు 4న ములుగు భూకంపం గుర్తుందా? పొద్దున ఏడున్నర. మేము కరీంనగర్‌లో ఉన్నాం. వంటింట్లో ఉంటే గిన్నెలు గలగలమన్నాయి. పడక గదిలో పొడుగు ర్యాక్ గోడకు రెండు సార్లు కొట్టుకుంది. దాని పక్క మంచంలోనే నా కూతురు పడుకుని ఉంది. ర్యాక్ పడలేదు. కానీ ఆ వారమే బెల్టులు వేయించాం, మంచం కూడా ర్యాక్ పడినా తగలనంత దూరం జరిపాం. అక్కా, మీరు కూడా బాబు మంచం ఎక్కడుందో చూసుకోండి.

నయీంనగర్_అమ్మ
మా ఓనరు గోడకు కొత్త రంధ్రాలు వద్దంటున్నారు. ఒకటి ఇప్పటికే చెడిపోయిందని కోపంగా ఉన్నారు. డబుల్ సైడ్ టేప్‌తో అంటించే బెల్టులు చూశాను, అవి చాలవా?

లెక్కల_సారు
టేపు అంటుకునేది గోడకు కాదు, గోడ మీద రంగుకు. రంగు గిలాబు నుంచి ఊడితే టేపు ఎంత గట్టిదైనా లాభం లేదు. బాబు ప్రాణం విషయంలో ఆ రంగును నమ్మొద్దు.

కాజీపేట_కిరణ్
ఇది నేనూ ఒప్పుకుంటా. ఓనరుకు ఖాళీ చేసేటప్పుడు వాల్ పుట్టీతో పూడ్చి రంగు వేసి ఇస్తామని కాగితం మీద రాసివ్వండి. మా ఓనరు అలాగే ఒప్పుకున్నారు, ఏసీ పెట్టుకునేటప్పుడు.

మేస్త్రీ_కొడుకు
ఇంకో దారి ఉంది. హాలు మూలన కాంక్రీటు స్తంభం ఉంటదేమో చూడండి. మామూలుగా గోడలోంచి కొంచెం పొడుచుకు వస్తది, తడితే బోలు చప్పుడు రాదు. ర్యాక్ అక్కడికి జరిపితే మామూలు ప్లగ్గే చాలు, కానీ అక్కడ హ్యామర్ డ్రిల్లింగ్ కావాలి. కార్పెంటర్ కంటే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

పరకాల_పిల్ల
మా ఊళ్ళో తాత ఇల్లు మట్టి గోడలు. అక్కడ కూడా పొడుగు ర్యాక్ ఉంది, సెలవులకు పిల్లలు పోతారు. మట్టి గోడలో ప్లగ్గు ఆగదు కదా?

మేస్త్రీ_కొడుకు
ఆగదు. నేను ఒక ఇంట్లో గోడ పొడవునా దూలాల నుంచి చెక్క పట్టీ దింపి దానికి కట్టాను. అన్ని ఇళ్ళకూ దూలాలు అందేలా ఉండవు. ఇంటిని చూడకుండా నేను చెప్పలేను చెల్లీ.

నర్సంపేట_నాయనమ్మ
ర్యాక్‌ను అడ్డంగా పడుకోబెట్టండి బిడ్డా. ఆరడుగుల పొడవు, రెండడుగుల ఎత్తు. పిల్లలు ఎక్కినా అంత తేలిగ్గా పడదు. మేము మంచం కింద ట్రంకు పెట్టెలు పెట్టుకున్నట్టే.

లెక్కల_సారు
నాయనమ్మ గారి మాట మట్టి ఇంటికి అన్నిటికంటే మంచి జవాబు. అరలు అడ్డంగా మారితే పలకల మధ్య దూరం చూసుకోవాలి, అంతే.

నయీంనగర్_అమ్మ
రెండు వారాల తర్వాత రాస్తున్నా. ఓనరుకు కాగితం రాసిచ్చాం, ఒప్పుకున్నారు. హాల్లో కాంక్రీటు స్తంభం ఉంది గానీ దాని పక్కన తలుపు, ర్యాక్ పట్టదు. అందుకే పాత గోడకే వేశాం. ఎలక్ట్రీషియన్ పొడవు ప్లగ్గులు, 8 బిట్టు తెచ్చాడు, హ్యామర్ ఆపేసి డ్రిల్లింగ్ చేశాడు. స్క్రూ చివరి నాలుగు తిప్పులు చేతికి బరువుగా తగిలాయి. ముందటి కార్పెంటర్ బిగించినప్పుడు అది ఊరికే తిరుగుతూనే ఉండేది.

గోడ ముక్కలు బిగించాక, ర్యాక్ తోయకముందే లెక్కల సారు చెప్పింది పరీక్షించాం. ఊరికి వెళ్ళేటప్పుడు సూట్‌కేసు తూచే చిన్న తూకం ఉంది. దాన్ని ఖాళీ ర్యాక్ పై అంచుకు కట్టి మా వారు ముందుకు లాగారు, నేను ముందు నిలబడి పట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నాను. వెనక అంచు నేల మీద నుంచి లేచేసరికి తూకంలో 2.4 కిలోలు చూపించింది. నాకు ఒళ్ళు జలదరించింది. తర్వాత ర్యాక్ దగ్గరికి తోసి, వాలు కోసం ముందు కాళ్ళ కింద పలుచటి రబ్బరు ముక్కలు పెట్టి, బెల్టులు కట్టి మళ్ళీ లాగారు. 20 కిలోల దాకా లాగినా పైభాగం కదల్లేదు, ప్లగ్గు దగ్గర గిలాబు పగలలేదు.

మేస్త్రీ_కొడుకు
2.4 వచ్చిందంటే మీ నేల వాలు లెక్కలోకి వచ్చింది. 20 కిలోలు ఆగిందంటే గోడ బాగా పట్టింది. నెల తర్వాత బెల్టు మీద వేలు పెట్టి ఒకసారి నొక్కి చూడండి, కొత్త నైలాన్ కొంచెం సాగుతది. వదులైతే బకిల్ లాగి బిగించండి. ర్యాక్ జరిపి ఊడ్చిన ప్రతిసారీ కూడా.

నయీంనగర్_అమ్మ
కార్లన్నీ కింది అరలోకి దించేశాను. నిన్న వాడు పొద్దున్నే లేచి నేరుగా ర్యాక్ దగ్గరికే పోయి, తల ఎత్తి పై అర చూసి, కారు కింద కనిపిస్తే కూర్చుని ఆడుకున్నాడు.